సెలవుకు ముందు అప్పగింత

నాయన కంటి ఆపరేషన్ కోసం సెలవు పెట్టినప్పుడు, ఊర్జానగర్ పవర్ స్టేషన్ ల్యాబులో నా పని చూడమని తోటి కెమిస్టును అడిగిన.

"రోజూ పొద్దున పీహెచ్ మీటరు బఫర్ ద్రావణంతో సరిచూడు. బాయిలర్ నీళ్ళల్ల సిలికా పెరిగితే టర్బైన్ పాడైతది, షిఫ్ట్ ఇంజనీరుకు చెప్పు," అన్న.

"గట్ల చెప్తే చాలదక్కా, నీ ముందట ఒకసారి చేస్త," అని ఆమె అన్ని పరీక్షలూ చేసి చూపించింది.

నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు సిలికా నిజంగానే పెరిగింది. ఆమె మళ్ళీ పరీక్షించి, ఇంజనీరుకు చెప్పి, బాయిలర్ నుంచి కొంత నీరు వదిలించింది. సిలికా దిగేదాక విడవకుండా చూసింది. నాకు మాత్రం ఫోన్ చెయ్యలేదు.

తిరిగొచ్చినంక సంగతి తెలిసి, "శానా థాంక్స్ చెల్లె. నాకెందుకు చెప్పలే?" అన్న.

"నువ్వు నాయన దగ్గర ఉండాలె గదక్కా. ల్యాబు నాకు అప్పజెప్పినవ్, నేను చూసుకున్న," అన్నది.

ఆమె మీద నాకు గౌరవం ఇంకింత పెరిగింది.