పైఫ్లాటు గ్రైండరు

ఆ రోజుల్లో గల్ఫ్‌లో, బౌషర్‌లోని ఒక ఆసుపత్రిలో నర్సుని. రాత్రి డ్యూటీ ముగించుకుని పొద్దున తొమ్మిదికి పడుకుంటే, సరిగ్గా పదికి పైఫ్లాటులో గ్రైండరు మొదలయ్యేది. ఇంట్లో వాడేది కాదు, హోటలు సైజుది. ఆ ఫ్లాటావిడ దోసెల పిండి రుబ్బి చుట్టుపక్కల ఇళ్ళకు అమ్మేది. మధ్యాహ్నం ఒంటిగంట దాకా నా మంచం వణికేది. ఒకరోజు డ్యూటీలో నిద్రమత్తులో, ఒక రోగికి ఇవ్వాల్సిన సిరంజి పట్టుకుని ఇంకో రోగి పక్కన నిలబడ్డాను. తోటి నర్సు ఆపకపోతే ఆ మందు వేరే మనిషికి ఎక్కేది.

తప్పు చేసినవారితో ముందు ఒంటరిగా మాట్లాడాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్ళాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సండేస్కూల్లో నేర్చుకున్న ఈ వరుస నేను తప్పలేదు. మొదట ఒక్కదాన్నే వెళ్ళాను.

"ఇది ఇల్లు సిస్టర్, మీ ఐసీయూ కాదు" అని నవ్వింది ఆవిడ.

మా ఆయనతో వెళ్తే తలుపే తీయలేదు.

ఇక బిల్డింగు అసోసియేషన్‌కి ఈమెయిల్ రాశాను. దేవుని ఉగ్రత, అన్యాయస్థుల గతి, అన్నీ పెట్టాను. పంపేముందు మా ఆయన చదివి, "ఇది కమిటీకి ఉత్తరమా, ప్రవక్త శాపమా?" అన్నారు. తర్వాత ఒక వాక్యం మీద వేలు పెట్టారు. 'లైసెన్సు లేకుండా ఇంట్లో వ్యాపారం నడుపుతోంది.'

"ఇది ఓనరు దాకా పోతే ఇల్లు ఖాళీ చేయిస్తాడు. వీసాకే ఇబ్బంది రావచ్చు."

"రానీయండి!"

"నీకు కావలసింది నిద్రా, వాళ్ళ సామాను కిందకి దిగడమా?"

ఒళ్ళు మండిపోయింది. రెండూ కావాలనిపించింది. మోకరించి ప్రార్థించాను. కోపం పోలేదు గానీ, ఆ వాక్యాన్ని మాత్రం ఉంచనివ్వలేదు ప్రభువు. కొట్టేశాను. శాపాలూ కొట్టేశాను.

మిగిలింది ఇది, అదే పంపాను: శని నుంచి బుధ దాకా పది నుంచి ఒంటిగంట వరకు పెద్ద గ్రైండరు నడుస్తోంది. నేను రాత్రి డ్యూటీ నర్సుని, పగలే పడుకోవాలి. రెండుసార్లు స్వయంగా అడిగాను. సాయంత్రం నాలుగు దాటాక నడిపితే నాకేమీ అభ్యంతరం లేదు. గ్రైండరు కింద రబ్బరు షీటు వేయించండి. వారంలోగా జవాబు కోరుతున్నాను.

అసోసియేషన్ సెక్రటరీ ఫోన్ చేశాడు. "కాస్త సర్దుకోండి సిస్టర్. ఆ పిండి మా ఇంటికీ వస్తుంది."

"మీ దోసెల కోసం నా రోగి చావాలా అన్నా?" అన్నాను. అదే మాట, చావు తీసేసి, మర్యాదగా కమిటీ సభ్యులందరికీ రాశాను. ఫోనులో సెక్రటరీ అన్నదీ రాశాను.

మూడో రోజుకి గ్రైండరు నాలుగుకు మారింది. లిఫ్టులో కనిపిస్తే ఆవిడ మొహం తిప్పుకునేది. నేనూ పలకరించలేదు. క్షమించానని చెబితే అబద్ధమవుతుంది. కానీ తొమ్మిదికి పడుకుని మూడుకి లేచేదాన్ని. డ్యూటీలో నా చెయ్యి స్థిరంగా ఉండేది.