సత్యం సున్నుండలు, డాక్టరమ్మ ఉత్తరం

ముందుగా గ్రూపులో అందరూ క్షమించాలి. నా చేతిరాత బాగోదు. ఫోన్‌లో చేతిరాత కనిపించదని మా మనవరాలు ధైర్యం చెప్పింది కానీ తప్పులు కనిపిస్తాయి కదా. మా ఊరి బడిలో నేర్చుకున్నది ఇంతే. సర్దుకుని చదవండి.

మా సత్యం పోయాడు.

ఫోన్ వచ్చినప్పుడు నేను వైశాలి మార్కెట్‌లో వాడి కోసం రేజర్ కొంటున్నాను. ముందురోజు సాయంత్రమే వార్డులో మంచం మీద కూర్చుని గడ్డం గోక్కుంటూ, "రేపు రేజర్ తేరా. ఆదివారం ఇంటికొచ్చి పేకాటలో నీ పని పడతాను" అన్నాడు.

డబ్బులిచ్చాను. రేజర్ జేబులో పెట్టుకున్నాను. ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయాను.

ఆ రోజు ఏమీ రాయలేకపోయాను. పెద్దకర్మ కూడా అయిపోయింది. నిన్న ఒక ఉత్తరం వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

తెలియనివాళ్లకు చెబుతాను. సత్యం, నేను ఆర్మీలో ఒకే యూనిట్ డ్రైవర్లం. రిటైరయ్యాక ఇద్దరం ఈ ఉత్తరాది ఊళ్లోనే పక్క పక్క బ్లాకుల్లో స్థిరపడ్డాం.

వాడు ఆస్పత్రిలో చేరిన కారణం వింటే మీరు నవ్వుతారు. పరవాలేదు, వాడూ నవ్వాడు.

పార్కులో కోతి వాడి కళ్లజోడు లాక్కుపోయింది. వీడు దాని వెనక పరిగెత్తాడు. "ఆ పవర్ నీకు సరిపోదే" అని అరుస్తూ పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

నేను ఆస్పత్రికి వెళ్లగానే వాడు అడిగిన మొదటి మాట, "కోతి కళ్లజోడు ఇచ్చిందా?"

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడే వాకర్ పట్టుకుని నడిపించారు. వాడి భార్య సరోజిని, నాకు చెల్లెమ్మ లాంటిది, ఇంటినుంచి సున్నుండలు చేసి తెచ్చింది. డిసెంబర్ చలికి డబ్బాలో నెయ్యి గడ్డకట్టి తెల్లగా ఉంది. వాడు దాన్ని వేలితో గీకి మరీ తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఊపిరి ఆడటం లేదన్నాడట. అంతే.

మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి డాక్టరమ్మ చెప్పింది. రక్తం గడ్డ ఊపిరితిత్తుల్లో అడ్డుపడి ఉంటుందని. చెల్లెమ్మ చెవిలో గడ్డ, అడ్డు అన్న రెండు మాటలే పడ్డాయి. ఒళ్లో ఉన్న డబ్బా వంక చూసి, వచ్చీరాని హిందీలో, "మైనే ఘీ కా లడ్డూ ఖిలాయా" అంది, నెయ్యి లడ్డూ నేనే తినిపించానని.

డాక్టరమ్మ "నహీ మాజీ", కాదమ్మా అంటూనే ఉంది. చెల్లెమ్మకు వినిపించలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో నెయ్యి డబ్బా అటక ఎక్కింది. మేమెంత చెప్పినా ఒకటే మాట. "మీరంతా నా మొహం చూసి అంటున్నారు అన్నయ్యగారూ. నెయ్యి గడ్డకట్టడం నా కళ్లతో చూశాను."

నిన్న ఉత్తరం వచ్చింది. వాళ్ల కొడుకు రవి, "ఆస్పత్రివాళ్ల కాగితం, ముందు వకీలుకు చూపిద్దాం" అన్నాడు. చెల్లెమ్మ మాత్రం కవరు మీద తన పేరు తప్పులేకుండా ఉండటం చూసి, విప్పమంది. ఇంగ్లీషులో, డాక్టరమ్మ స్వయంగా చేత్తో రాసింది. రాత నాకంటే కొంచెం నయం.

రవి కూతురు మిన్ను చదువుతూ హిందీలో చెప్పింది, చెల్లెమ్మకు అర్థంకానిది నేను తెలుగులో చెప్పాను. మొదట్లో పేషెంట్ అని కాదు, "సత్యంగారు" అని ఉంది. కోతి కథ వార్డంతా తెలుసునట.

తర్వాత అసలు సంగతి, డాక్టరమ్మ మాటల్లోనే. ఎముక విరిగి మంచాన పడ్డాక కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. అది రాకుండా రోజూ ఇంజెక్షన్ ఇచ్చాం, తొందరగా నడిపించాం. అయినా కొందరికి వస్తుంది. అది కాలినుంచి పైకి కదిలి ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి మూసింది. ఆ క్షణంలో గుండె స్కాన్ చేస్తే కుడివైపు ఉబ్బి ఉంది, ఇలాంటి గడ్డకు అది గుర్తు. ఛాతీ నొక్కాం, గడ్డ కరిగే మందూ ఇచ్చాం, నిలబెట్టలేకపోయాం. పోస్టుమార్టం జరగలేదు కనుక నూటికి నూరుపాళ్లు అని నేను అనలేను. కానీ మేమందరం నమ్ముతున్నది ఇదే.

ఆయన నిమిషాల్లోనే స్పృహ తప్పారు. అంతవరకూ నర్సు ఆయన చెయ్యి పట్టుకునే ఉంది. ఒంటరిగా లేరు.

ఇక్కడ మిన్ను ఆగింది. "దాదీ, యే ఆప్‌కే లియే హై" అంది. నానమ్మా, ఇది నీకోసమే అని.

"ఆ రోజు నా మాట మీకు వినిపించిందో లేదో అని ఇది రాస్తున్నాను. తిన్న నెయ్యి ఇలా గడ్డ కట్టదు. మీ లడ్డూ ఏ కీడూ చేయలేదు. తినొచ్చని చెప్పింది నేనే. సాయంత్రం రౌండ్‌కు వెళితే ఆయన నాకూ ఒకటి ఇచ్చారు. సగం చాలు అన్నాను. సగం తింటే ఎముక అతకదు డాక్టర్‌సాబ్, అన్నారు. మొత్తం తిన్నాను."



చెల్లెమ్మ కళ్లు తుడుచుకుంది. "ఒకటేనా తిన్నది? బక్కగా ఉంది పాపం" అంది.

మిన్ను పకపకా నవ్వింది. రవి కూడా నవ్వి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

చివర్లో డాక్టరమ్మ తన ఫోన్ నంబర్ ఇచ్చింది. ఊహించని మరణం కాబట్టి ఆస్పత్రిలో డాక్టర్లంతా కూర్చుని మొదటినుంచీ తిరిగి చూస్తారట. మీరు వస్తే ఏం తేలిందో చెబుతాను, కోపం ఉన్నా రండి, అని రాసింది. ముందురోజే ఎందుకు కనిపెట్టలేదో రవి అడుగుతానన్నాడు. అడగాలి కూడా. వకీలు మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ పొద్దున వాళ్లింటికి వెళితే మినప్పప్పు వేగుతున్న వాసన మెట్ల దాకా వచ్చింది. అటక మీది నెయ్యి నాతోనే దింపించింది చెల్లెమ్మ.

సత్యం, ఆ రేజర్ ఇంకా నా దగ్గరే ఉందిరా. అక్కడ నీ కళ్లజోడు నీకు దొరకాలి, నీ ప్రాణం హాయిగా ఉండాలి.

గ్రూపులో ఒక మనవి. వచ్చే బుధవారం మేం ఆ డాక్టరమ్మను కలవబోతున్నాం. ఆస్పత్రి ఇంగ్లీషు తెలిసినవాళ్లు ఒకరు తోడు రావాలి. సున్నుండలు డాక్టరమ్మకు పోను మిగిలినవి వాళ్లకే. తొందరగా జవాబు రాయండి.