మూసిన గ్రంథం

1971 జూన్‌లో నన్ను నాందేడ్‌లోని ఉపదేశకుల శిక్షణశాలలో హీబ్రూ బోధకుడిగా నియమించారు. బోధనతోపాటు పరీక్షాధికారి బాధ్యత కూడా ఉండేది. శిక్షణ ముగించిన అభ్యర్థి తాను సేవచేయబోయే ఊళ్లో, సంఘం ఎదుట ఒక ప్రసంగం చేయాలి. అది విని నేను సంతకం చేస్తే అతడు ఆ సంఘానికి ఉపదేశి అవుతాడు. జీతం, ఉండడానికి గది వస్తాయి. లేదంటే మళ్లీ కూలికే.

ధర్మాబాద్ వైపు సంఘాలలో ఒక ఆచారం ఉంది. వేదిక మీది బైబిలును సంఘపెద్దే తెరుస్తాడు, ప్రసంగం ముగిశాక అతడే మూస్తాడు. మధ్యలో మూస్తే పరీక్ష రద్దు. అదే పెద్ద ఆ రోజే తిరిగి తెరిస్తే తప్ప అభ్యర్థికి ఆ ఊళ్లో స్థానం లేదు. అలా మూయడం నేను అంతవరకు చూడలేదు.

మరుసటి సంవత్సరం జొన్నకోతల కాలంలో, ఒక ఆదివారం, ఆ వైపు ఒక ఊళ్లో దావీదు అనే అభ్యర్థి ఆదికాండం మొదటి అధ్యాయం మీద ప్రసంగించాడు. అతనిది ఆ ఊరి కూలి కుటుంబమే. “సూర్యుడు నాలుగో దినాన గదా పుట్టింది! మరి మొదటి మూడు దినాలు ఏ పొద్దును చూసి లెక్కవెట్టిండ్రు? గక్కడ దినమంటే దినం కాదు. వెయ్యేండ్లు, లక్షల ఏండ్లు!” అన్నాడు.

సంఘపెద్ద యేసోబు లేచి, వేదిక దగ్గరకు వెళ్లి గ్రంథాన్ని మూసేశాడు. ఆ చప్పుడుకు సంఘమంతా బిగుసుకుపోయింది.  

సంఘాన్ని బయట వాకిట్లో కూర్చోమని, దావీదునూ యేసోబునూ పక్కగదిలోకి పిలిచాను. మొదట దావీదును మందలించాను. పలు అర్థాలున్న చోట ఒకే అర్థాన్ని తీర్పులా చెప్పాడు. తరువాత యేసోబుకు పాఠం వివరించాను. దినానికి హీబ్రూ మాట ‘యోమ్’. దేవుడు వెలుగుకు ఆ పేరు పెట్టాడు. అక్కడ అది పగలు మాత్రమే. అదే వాక్యం చివర సాయంత్రమూ ఉదయమూ కలిసి ఒక యోమ్ అయింది. రెండవ సృష్టి వృత్తాంతం మొదలయ్యేచోట, దేవుడు భూమ్యాకాశాలను చేసిన ‘యోమున’ అని ఉంది. అక్కడ దాని అర్థం ‘చేసిన కాలంలో’ అని.

సంఖ్యనూ, సాయంత్రం-ఉదయం అన్న జంటనూ చూసి అది మామూలు దినమే అనేవారున్నారు. ఆరు దినాలు పనిచేసి ఏడవ దినం ఆగమన్న విశ్రాంతిదినపు ఆజ్ఞ కూడా వారి పక్షాన నిలుస్తుంది. నాలుగో దినపు సూర్యుణ్ణి చూపి, ఏడవ దినానికి సాయంత్రం-ఉదయం చెప్పలేదని ఎత్తిచూపి, అవి దీర్ఘయుగాలనేవారున్నారు. ఇంకొందరు ఆ లెక్కకే పోరు. మొదటి మూడు దినాల్లో వెలుగు, ఆకాశమూ జలాలూ, నేల. తరువాతి మూడింటిలో అదే క్రమంలో జ్యోతులు, పక్షులూ చేపలూ, జంతువులూ మనిషీ. ఇది సృష్టికి కూర్చిన అమరికే గాని గడియారం కాదంటారు వారు.

యేసోబు ఓపికగా విన్నాడు. “మంచిగ చెప్పిండ్రు సార్. నాకు గా చదువు రాదు. మా నాయిన ఊరి దొర పాటిల్ దగ్గర పాలేరుగ జీతమున్నడు. ఏడాదంత ఒక్క సుట్టి లేదు, ఒక్క దినం ఆగుడు లేదు. మా దేవుడు ఆరు దినాలు పని చేసి ఏడో దినం ఆగిండు, మేమూ ఆగుతమని మావోళ్లు దెబ్బలు తిని తెచ్చుకున్నరు గీ ఆదివారం. దినం వెయ్యేండ్లైతే మా సుట్టి ఎప్పుడొస్తది?”

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. పాటిల్ పొలాలు చూసే కార్‌భారి వచ్చాడు. ప్రసంగం ముక్క అప్పుడే బజారుకు చేరిందన్నమాట.

“కాయ్ రే యేసోబు! మీ దేవుని దినం వెయ్యేండ్లదట గదా. గట్లైతే మీ సుట్టి ఆరువేల ఏండ్లకు! లేవుండ్రి, కోతకు నడువుండ్రి,” అని విరగబడి నవ్వాడు. బయట కూర్చున్న సంఘంలో కొందరు అప్పుడే కొడవళ్ల కోసం లేచారు. 

దావీదు లేచి బయటికి వెళ్లాడు.

“కార్‌భారీ, దేవుని దినం ఎంతదో నాకు తెల్వది. తెలుసని చెప్పుడు నా తప్పు. మాకు పని చెయ్యమన్న దినం మాత్రం పొద్దు గూకితే అయిపోతది. గవి ఆరు అయిపోయినయి. ఇయ్యాల ఎవ్వరూ రారు.”

“నీ అవ్వకు రేపటి నుంచి పని లేదు పో!”

“ఇయ్యాల ఎవ్వరూ రారన్న మాట గూడ పాటిల్‌కు చెప్పు.”

లేచినవారు కూర్చున్నారు. కార్‌భారి ఉమ్మేసి వెళ్లిపోయాడు. యేసోబు అందరినీ లోపలికి పిలిచి, వేదిక మీది గ్రంథాన్ని తెరిచాడు. దావీదు ప్రసంగాన్ని, ఈసారి మూడు అర్థాలతోనూ, పూర్తిచేశాడు. నేను సంతకం చేశాను. కార్‌భారి అన్నంత పనీ చేశాడు. ఆ కోతకాలమంతా దావీదు తల్లిని పనికి పిలవలేదు.

ఆ తరువాత నా తరగతిలో ‘యోమ్’ అన్న మాటను బోధించే క్రమం మార్చాను. హీబ్రూ వాడుకలు మొదట, వ్యాఖ్యానాలు తరువాత. చివర ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్నకు జవాబు రాయాలి: తాను ప్రసంగించబోయే ఊళ్లో ఈ మాటను ఆధారం చేసుకుని బతుకుతున్నవారెవరు? జవాబు తెలియనివారిని ప్రసంగ పరీక్షకు పంపలేదు.