టైపు అక్క, ఆరో గ్రేడు

టైపు అక్కని పేరు పెట్టి పిలిచేవాళ్లు మా వీధిలో ఎవరూ లేరు. బస్సులు మలుపు తిరిగే చోట, మెట్ల కింద గది ఆమెది. తలుపు పూర్తిగా తెరిస్తే కుర్చీకి కొట్టుకుంటుంది, అందుకని సగమే తెరుస్తుంది. లావుపాటివాళ్లు పక్కకి తిరిగి లోపలికి రావాలి. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నడుం నొప్పికి కుర్చీలో రెండు దిండ్లు. అంతే ఆమె ఆఫీసు.

పధ్నాలుగేళ్లు పరాయి దేశంలో ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో పనిచేసి వచ్చింది. అక్కడి భాష ఆమెకి కొట్టిన పిండి. ఆ దేశంలో చెమటోడ్చి తిరిగొచ్చిన వాళ్లందరూ పని వెతుక్కునే ముందు ఆమె దగ్గరికే వస్తారు. అక్కడి చదువు, ఉద్యోగాల వివరాలున్న కాగితం చేతిలో ఉండదు, ఫోనులో దాని ఫొటో ఉంటుంది. అది చూసి ఆమె తెలుగులో బయోడేటా కొట్టి ఇస్తుంది.

మా బావ కూడా అలాగే వచ్చాడు. బావంటే మా చెల్లెలి భర్త. చిన్నప్పుడే తల్లిదండ్రులతో ఆ దేశం వెళ్లి, బడి, పని అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. తెలుగు మాట్లాడతాడు గానీ రాయలేడు. అక్కడి ఫ్యాక్టరీ మూతపడ్డాక పెళ్లాం బిడ్డలతో మా రెండు గదుల ఇంట్లో దిగాడు. నాలుగు నెలలైంది. మేస్త్రీ కింద ఇటుకలు మోస్తున్నాడు. పైపుల ఫ్యాక్టరీలో వెల్డర్లు కావాలని తెలిసి, నేనే గోడౌనులో మూటల పనికి సెలవున్న ఒకరోజు అక్క దగ్గరికి తీసుకెళ్లాను.

ఫొటో చూసి అక్క నిట్టూర్చింది. "ఎవరు తీశారయ్యా ఇది? పరిగెడుతూ తీశారా?"

"అక్కడి ఆఫీసులో ఫ్రెండు తీశాడక్కా. అడగకుండా తీశాడు, అందుకే తొందర" అన్నాడు బావ.

కాగితం ఒక పక్కకి వాలి ఉంది. పైనున్న దీపం వెలుగు పడి మధ్యలో ఒక సంవత్సరం సగం తెల్లగా కొట్టుకుపోయింది. కింది మూలలో ఫ్రెండు బొటనవేలు. అక్క పెద్దది చేసి చూసింది, చిన్నది చేసి చూసింది, కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"చివరి అంకె మూడో, ఎనిమిదో తెలియట్లేదు. ఊహించి కొట్టను. బడి ఎప్పుడు వదిలావు?"

బావ వేళ్లమీద లెక్కపెట్టి, ఆ అంకె ఎనిమిదే అన్నాడు. అలా ఒక్కో గీతా అడుగుతూ కొట్టింది. అక్కడి పద్ధతిలో పైన తండ్రి పేరు, ఎత్తు, బరువు, పెళ్లయిందా లేదా అని ఉంటాయి. ఇక్కడ వాటిని ఎవరూ అడగరని తీసేసింది. అక్కడ మొదటి ఉద్యోగం ముందు వస్తుంది, ఇక్కడ చివరిది ముందు ఉండాలని వరస తిరగేసింది. పైన మా ఫోను నంబరు వేసింది.

చదువు దగ్గర నేను తలదూర్చాను. "అక్కా, ఎనిమిది తరగతులు, ఆ పైన రెండేళ్లు పని నేర్పే బడి. దాన్ని డిప్లొమా అని కొట్టెయ్, ఎవడు చూడొచ్చాడు?"

"మూటల తమ్ముడూ, నీ గోడౌనులో చక్కెర మూటమీద బియ్యం అని రాస్తావా?"

"రాయను."

"నేనూ రాయను. రేపు సర్టిఫికెట్ చూపించమంటే మీ బావని అక్కడే నిలబెట్టేస్తారు. ఉన్నదే రాస్తాను. ఎనిమిదేళ్ల బడి, తర్వాత రెండేళ్లు వెల్డింగు శిక్షణ బడి. దాని అసలు పేరు కూడా పక్కనే ఉంటుంది."

ఉద్యోగం దగ్గర ఉన్నది ఉన్నట్టే కొట్టింది. 'వెల్డరు, ఆరో గ్రేడు.' ప్రింటు తీసి ఇచ్చింది. కాగితం చూసి బావ మురిసిపోయాడు. మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని ఇంటికొచ్చాడు.

నాలుగోరోజు ఫ్యాక్టరీ నుంచి తిరిగొచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. మా చెల్లెలు మంచినీళ్లిస్తే పక్కన పెట్టాడు.

"హెల్పర్ల వరసలో నిలబెట్టారు బావా. వెల్డింగు పరీక్షకి పిలవనే లేదు. ఫోర్‌మన్ కాగితం చూసి నవ్వాడు. ఆరో గ్రేడువాడివి ఒకటో గ్రేడు వాళ్లతో నిలబడతావేంటి అన్నాడు."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటాను? ఆరంటే ఎందుకు నవ్వుతున్నాడో నాకే అర్థం కాలేదు. అక్కడ ఆరుంటే లేచి కుర్చీ ఇస్తారు."

అప్పుడు నాకు వెలిగింది. మా దగ్గర ఒకటే పెద్దది. ఒకటో గ్రేడు వెల్డరు కింద రెండో గ్రేడు, ఆ కింద మూడు. ఆరు అనేదే లేదు. ఉంటే చీపురు పట్టేవాడికే ఉండాలి. బావ వాళ్ల దగ్గర లెక్క కింద నుంచి పైకి. ఒకటితో మొదలెట్టి ఆరు దాకా ఎక్కుతారు. వాడికి అది ఊపిరి తీసుకున్నంత మామూలు, అందుకే ఎవరికీ చెప్పలేదు. అక్క ఆసుపత్రి కాగితాల మనిషి, వెల్డర్ల మెట్లు ఆమెకేం తెలుసు? అందుకే ఆమె అడగలేదు. నేను మూటల మనిషిని, నాకు తోచలేదు. ముగ్గురం కలిసి పులిని పిల్లిని చేసి పంపాం.

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. సంగతి విని అక్క కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"తప్పు నాది" అంది. "అర్థం పలకని అంకెని అలాగే వదిలేశాను. దాన్ని పలికించాలి కదా."

"నేనైనా చెప్పాలి కదక్కా" అన్నాడు బావ.

"నువ్వు వెల్డరువి. చెప్పించాల్సింది నేను. చెప్పు, ఆరుకి ఎలా ఎక్కావు?"

బావ చెప్పాడు. ప్రతి మెట్టుకీ పరీక్ష. నాలుగు దాటాక ఎక్కువ ఒత్తిడి తట్టుకునే పైపులు అతుకుతారు. ఆరో గ్రేడులో తనకింద ఏడుగురు. అక్క కొత్తగా కొట్టింది: 'వెల్డరు, ఆరో గ్రేడు. ఆ దేశంలో మొత్తం ఆరు గ్రేడులు, ఆరోది అన్నిటికన్నా పైది. అధిక ఒత్తిడి పైపుల వెల్డింగు. ఏడుగురు వెల్డర్ల బృందానికి పెద్ద.'

"ఇక్కడి ఒకటో గ్రేడు అని కొట్టేస్తే పోలా?" అన్నాను.

"అది ఫోర్‌మన్ తేల్చాలి. వాళ్ల మెట్లు ఎన్నో, ఇతను ఏ మెట్టుమీదున్నాడో చెప్పడమే నా పని. నీకు డిప్లొమాలూ, ఒకటో గ్రేడులూ పంచిపెట్టే సరదా పోలేదయ్యా."

ఆ కాగితం పట్టుకుని బావతో నేనూ వెళ్లాను. ఫోర్‌మన్ నిలబడే చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు.

"ఆరు పైదా? మొన్నే నోరు విప్పొచ్చు కదయ్యా!"

"విప్పేలోపే మీరు నవ్వేశారు సార్" అన్నాడు బావ.

వాలుగా బిగించిన రెండు పైపు ముక్కలు చూపించి అతకమన్నారు. బావ చుట్టూ తిరుగుతూ, కింద పడుకుని, మళ్లీ లేచి అతికాడు. అతుకు గట్టిదనం చూడ్డానికి దాన్ని బద్దలుగా కోసి యంత్రంలో పెట్టి వంచారు. ఒక్క చీలిక రాలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు. బావ గేటు బయటికొచ్చి గోడకి ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాడు. సంతోషమో, అలసటో నేనడగలేదు.

అక్కకి చెప్పడానికి వెళ్తే ఆమె మొహంలో పెద్ద వెలుగేమీ లేదు. కంప్యూటరులో పాత కాగితాలన్నీ తెరిచి పెట్టుకుంది.

"మీ బావ ఒక్కడే కాదు తమ్ముడూ. ఆ దేశం నుంచి వచ్చినవాళ్లకి నేను కొట్టినవి వెతుకుతున్నాను. అంకె ఉన్నవి మూడు దొరికాయి. ఇద్దరికి ఫోను చేశాను. ఇదిగో, మూడోవాడు ఎలక్ట్రీషియను, ఐదో గ్రేడు. నంబరు మారిపోయింది."

పేరు చదివింది. నేను మెట్టుమీదే కూర్చున్నాను. ఆ మనిషి మూడేళ్లుగా మా గోడౌనులో నా పక్కనే మూటలు మోస్తున్నాడు. బల్బు పోయినప్పుడల్లా అతన్నే పిలుస్తాం. అదే అక్కకి చెప్పాను.

"తిడితే పడతానని చెప్పు. ఫొటో ఇంకా ఉంటే ఫోను తెమ్మను" అంది అక్క.

మర్నాడు మధ్యాహ్నం, లారీకి లారీకి మధ్య దొరికిన కాస్త సందులో చెప్పాను. అతను మూటమీద కూర్చుని అంతా విన్నాడు.

"మూడేళ్లా?" అన్నాడు.

ఇంకో లారీ వచ్చింది. ఇద్దరం లేచాం. నాలుగు మూటలయ్యాక నా పక్కకొచ్చి అడిగాడు.

"ఆమె సాయంత్రం ఎన్నింటిదాకా ఉంటుంది?"