స్కేలు పక్కన లోలాకులు

టక్. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్.

మెట్లెక్కుతున్న మరదలికి ఆ చప్పుడు కొత్తగా వినిపించింది. ఇదివరకు వదినగారి సుత్తి వానచినుకుల్లా వరసగా పడేది. ఇప్పుడు దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎవరో కూర్చుని లేచినంత ఖాళీ.

వీధిలో అందరికీ ఆమె లోలాకులక్క. ఇరవై రెండేళ్ళుగా ఇత్తడి తీగను పటకారుతో చుట్టలు చుట్టి, ఉక్కు దిమ్మ మీద సాగగొట్టి, చివర ఒక గాజుపూస వేలాడదీస్తోంది. తెల్లవారగానే కిటికీ పక్క చేరితే వెలుతురు గోడ దిగిపోయేదాకా లేవదు. రెండేళ్ళ క్రితం మరదలు ఆమె లోలాకులకు ఆన్‌లైన్‌లో దుకాణం తెరిచి, చిన్న వీడియోలు తీయడం మొదలుపెట్టింది. ఆ గది అద్దె, ఆ తీగ, ఆ కళ్ళద్దాలు అన్నీ దాని మీదే నడుస్తున్నాయి.

ఈ నెలలో తొమ్మిది జతలు తిరిగొచ్చాయి. అందరూ చెప్పిన కారణం ఒకటే: కొలత వీడియోలో చూసినట్టు లేదు. ఇంకో మూడు వస్తే దుకాణం మూసేస్తామని పొద్దున ఆ ఆన్‌లైన్ కంపెనీ వాళ్ళు సందేశం పంపారు.

"కళ్ళు నెత్తికెక్కిన వాళ్ళు కొంటే అంతే," అంది లోలాకులక్క తలెత్తకుండా. "అరచేతిలో పెట్టి మరీ చూపించాం కదే!"

మరదలు పాత వీడియో తెరిచింది. అరచేతిలో లోలాకులు, వెనక పాట, చివర్లో 'ధర కోసం మెసేజ్ చేయండి'. ఆమె చూపు లోలాకుల మీద నిలవలేదు, ఆ చేతి మీద నిలిచింది. ఎండిన ఆకులా ముడుచుకున్న చిన్న చెయ్యి. అందులో ఏది పెట్టినా పెద్దగానే కనిపిస్తుంది.

"వదినా, తప్పు వాళ్ళది కాదు. నీ చేతిది."

"నా చెయ్యేం చేసింది?"

"చిక్కిపోయింది. కొనేవాళ్ళు తమ చెయ్యంత ఉందనుకుని లెక్కేసుకుంటున్నారు. వచ్చాక చూస్తే బుల్లిగా ఉంటున్నాయి."

లోలాకులక్క చెయ్యి తిప్పి చూసుకుంది. "తిండి దండగని తక్కువ తిన్నందుకు ఇదా బహుమానం," అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఈసారి చెయ్యి వద్దనుకున్నారు. కిటికీ కింద తెల్లకాగితం పరిచి, ఫోన్‌ను స్టాండుకు బిగించి సరిగ్గా పైనుంచి కిందకు చూసేలా పెట్టింది మరదలు. కాగితం మీద స్టీలు స్కేలు. ఏం చెప్పాలో వరసగా అనుకుంది: కొక్కెం కాకుండా పొడవు మూడున్నర సెంటీమీటర్లు. ఇత్తడి తీగ, గాజుపూస, కొక్కెం స్టీలు. బంగారు పూత లేదు, చెమటకు నల్లబడితే మెత్తని గుడ్డతో తుడవాలి. జత నాలుగువందల యాభై, పంపే ఖర్చు అందులోనే. తర్వాత తన చెవికి పెట్టుకుని, ఒకసారి పక్కకు తిరగాలి. ధర చదివేంతసేపు తెర మీద ఉండాలి.

తిరిగొచ్చిన వాటిలోంచి ఒక జత తీసి, పైచివర సున్నా గీతకు ఆనించింది. మొదటిది మూడున్నర. రెండోది ఇంకో మూడు గీతలు దిగింది.

"స్కేలు జరిగింది. సరిగ్గా పెట్టు," అంది లోలాకులక్క.

మరదలు మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. ఇంకో జత, ఇంకో జత. తిరిగొచ్చిన తొమ్మిదిలో ఒక్క జత కూడా కుదరలేదు. పెట్టెలోవి కూడా కొలిచారు. అడుగున నిరుటివి ఎనిమిది జతలు కవలల్లా సమానం. పైన ఈ ఏటివన్నీ ఒకటి పొట్టి, ఒకటి పొడుగు.

కింద వీధిలో ఏదో షట్టరు దించిన మోత వచ్చి, పోయింది.

"వేళ్ళు పొద్దున లేస్తే ముడుచుకుని ఉంటున్నాయే," అంది లోలాకులక్క. "వేడినీళ్ళలో పెడితే విచ్చుకుంటున్నాయి కదాని ఊరుకున్నా. కంటికి సమానంగానే కనబడ్డాయి. నా కన్ను కూడా నా చేతి పక్షమే వహించింది."

"డాక్టరుకు చూపిద్దాం వదినా. ఈలోగా, ఒకటి పొట్టి ఒకటి పొడుగు ఇప్పుడు ఫ్యాషనే. అలాగే చెప్పి అమ్ముదాం."

"చేసినప్పుడు అలా అనుకుని చేశానా?"

మరదలు పెట్టె అడుగునుంచి ఒక జత పైకి తీసింది. వీడియో తీశారు. నిరుటి జత స్కేలు పక్కన బుద్ధిగా పడుకుంది. మరదలు చెవికి పెట్టుకుని తిరిగింది, పూసలో కిటికీ వెలుగు ఒకసారి వణికింది. కొలత, తీగ, ధర అన్నీ తెర మీద నిలిచాయి. పాట పెట్టలేదు.

లోలాకులక్క సుత్తిని గుడ్డలో చుడుతోంది. వీడియో కింద రాయడానికి మరదలు ఫోన్ మీద వేళ్ళు ఆనించి, ఏం రాయమంటావన్నట్టు చూసింది.

"ఎనిమిది జతలే ఉన్నాయని రాయి. మళ్ళీ ఎప్పుడు చేస్తారని అడుగుతారు... చెయ్యరని రాయి. అది కూడా పెద్ద అక్షరాలతో రాయవే, మళ్ళీ కనబడలేదంటారు."