తాళం బొమ్మ తీసేసిన చోట

భూదేవికి కోపం వస్తే నోరు మూసుకుంటుంది. ఆమెను ఎరిగినవాళ్ళు ఆ మౌనానికే భయపడతారు. అరిచేవాళ్ళతో ఏముంది, అరిచి అలిసిపోతారు. భూదేవి పెన్సిల్ తీస్తుంది, అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

వాళ్ళది పద్మశాలీల ఇల్లు. సిరిసిల్ల దిక్కు నుంచి తాతల నాడే సూరత్ వచ్చి మగ్గాల మీద పడ్డ కుటుంబం. మొగుడు సోమలింగం పాండేసర దగ్గర ఒక సేఠ్ కార్ఖానాలో పవర్లూమ్ నడుపుతాడు. భూదేవి మాత్రం మగ్గం ముట్టలేదు. చీరల డిజైన్లు కంప్యూటర్ మీద గీసే ఆఫీసులో పని నేర్చుకుంది. పువ్వు పక్కన పువ్వు, ఆకు కింద ఆకు, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కలపాలి. దాన్ని రిపీట్ అంటారు. బట్ట మీద అతుకు గీత కనబడిందా, ఆ డిజైన్ పనికిరాదని మొహాన కొడతారు. పన్నెండేళ్ళుగా భూదేవి చేతికి పడ్డ అలవాటు అదే: సందు ఉండొద్దు.

కరోనా మొదటి ఏడాది లాక్‌డౌన్‌లో మగ్గాలన్నీ ఆగిపోయాయి. సేఠ్‌కి ఒకటే బెంగ. పనోళ్ళు ఊళ్ళకు పోతే మళ్ళీ వస్తారా? కార్ఖానాలోనే పడుకునే మనుషులను లోపల ఉంచి గేటుకు బయటి నుంచి తాళం వేయించాడు. పక్క గల్లీ వజ్రమ్మ కొడుకు శివకృష్ణ ఆ లోపలే ఉన్నాడు, జ్వరంతో. తల్లి అన్నం డబ్బా పట్టుకుని గేటు దగ్గర కూర్చుంది. "నా కొడుకును నాకియ్యుండ్రి, ఇంటికి తోల్కపోత" అని బతిమాలింది. తాళం తియ్యలేదు. తీసేసరికి వాడు లేవలేని స్థితిలో ఉన్నాడు. ఆస్పత్రికి పోయినవాడు పోయినట్టే పోయాడు. తరువాత సేఠ్ మనుషులు ఊరంతా చెప్పిన మాట ఒకటే: తాళమా, ఎక్కడి తాళం? వాడే రోగం దాచిపెట్టి లోపల పడుకున్నాడు.

వజ్రమ్మ ఏడవడం మానేసి భూదేవి ఇంటికి వచ్చింది.

"నువ్వు బొమ్మలేస్తవ్ కదనే. తాళమేసిండ్రని ఎయ్యి. నాకింకేం ఒద్దు."

భూదేవి వేసింది. పిల్లల స్కెచ్ పెన్నులతో, ఒకే కాగితం మీద: వజ్రమ్మ డబ్బాతో రావడం, గేటు దగ్గర నిలబడటం, బతిమాలడం, నేల మీద కూలబడటం. బొమ్మకు బొమ్మకు మధ్య వెంట్రుకంత సందు లేకుండా కలిపింది. ఫోటో తీసి గల్లీ వాట్సాప్‌లో పెట్టింది. గంట గడవకముందే జవాబులు: "గీ ముసలవ్వలు నలుగురు ఎవరే? ఏ లైన్ల నిలబడ్డరు, రేషన్‌దా?"

ఛీ, నా బతుకు! అనుకుంది భూదేవి. ఒక తల్లి దుఃఖాన్ని రేషన్ లైను చేసి పెట్టింది.

ఆ కాగితం ఫోటో చేతులు మారి మారి ఇచ్ఛాపూర్ దిక్కు హజీరా కంపెనీ కాలనీ దాకా పోయింది. అక్కడ ఇంజనీరు రామమోహనరావు గారి కూతురు అక్షర, వడోదరలో కళాచరిత్ర చదువుతూ కాలేజీ మూతపడి ఇంట్లో చిక్కుకుంది. నాన్నతో పాటు బియ్యం సంచులు పంచడానికి పాండేసర వచ్చినప్పుడు, మాస్కు సవరించుకుంటూ, భూదేవి ఇల్లెక్కడని వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, గీత బ్రహ్మాండంగా ఉంది. కానీ మీరు కాలాన్ని కుట్టేశారు" అంది.

"ఏంది?"

అక్షర ఆ కాగితాన్ని చింపి నాలుగు బొమ్మలను నాలుగు గడులుగా వేరు చేసి గచ్చు మీద పరిచింది, మధ్య వేలెడు ఖాళీ వదిలి. అంతే! నలుగురు ముసలవ్వలు ఒక్క వజ్రమ్మ అయిపోయారు. ఒక గడిలో నిలబడి ఉంది, మరో గడిలో కూలబడి ఉంది. ఎప్పుడు కూలబడింది? ఎవరూ గీయలేదు. చూసినవాళ్ళ మనసు ఆ ఖాళీలో ఆమెను కూలబడేలా చేసింది.

"కామిక్స్‌లో ఈ సందునే గటర్ అంటారక్కా. గడిలో ఉన్నది మీరు గీసింది. సందులో జరిగేది చదివేవాళ్ళు గీసుకునేది. సందు పోతే కాలం కూడా పోతుంది."

భూదేవికి చప్పున చిన్ననాటి సంగతి గుర్తొచ్చింది. సెలవులకు సిరిసిల్ల దిక్కు సొంతూరికి పోయినప్పుడు, పద్మశాలీలకు కథ చెప్పే కూనపులివాళ్ళు వచ్చి మార్కండేయ పురాణం చెబుతూ బొమ్మలు వేసిన ఎర్రటి పొడుగాటి బట్ట విప్పేవాళ్ళు. వరసకు వరసకు మధ్య పూల తీగ అంచు ఉండేది. అది సింగారం కోసమే అనుకుంది ఇన్నాళ్ళూ. "గా తీగ గందుకేనా?" అంది.

"అందుకేనక్కా. మా కళాచరిత్ర వాళ్ళు కూడా ఇప్పుడు కామిక్స్ వెంట పడ్డారు" అంది అక్షర నవ్వి. "ఒకప్పుడు కామిక్స్ అంటే పిల్లలు చదివి పారేసే చవక కాగితం, కళ కాదు అని చరిత్రకారులు ముఖం తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు అడుగుతున్న ప్రశ్న వేరు. ఒక్క పేజీని మొత్తంగా ఒక బొమ్మలా చూడొచ్చు, గడి గడిగా ఒక కథలా చదవొచ్చు. రెండూ ఒకేసారి. చోటుతో కాలాన్ని చెప్పే ఈ పని ఎలా జరుగుతుంది? మీ కూనపులి బట్టకూ అచ్చు పేజీకీ పోలిక ఎక్కడ, తేడా ఎక్కడ? బట్ట దగ్గర కర్ర పట్టుకుని చెప్పే మనిషి ఉంటాడు. పేజీ దగ్గర ఎవరూ ఉండరు, కంటికి దారి పేజీయే చూపించాలి."

ఆ దారి వెయ్యడం భూదేవి ఫోన్లో నేర్చుకుంది. అక్షర ముఖస్తుతి చేసే పిల్ల కాదు. పంపిన ప్రతి పేజీకీ నిక్కచ్చిగా తప్పులు పట్టేది. ఇరుకు గడులు వరసగా పెడితే పరుగు. వెడల్పు గడి ఒక్కటే పెడితే చూపు అక్కడ నిలబడుతుంది, ఎదురుచూపు పొడుగవుతుంది. ఇద్దరు మాట్లాడితే ముందు మాట్లాడినవాళ్ళ మాట బుడగ ఎడమ పక్కన, పైన ఉండాలి. లేకపోతే జవాబు ముందొచ్చి ప్రశ్న వెనకొస్తుంది. బుడగ తోక నోటి వైపు చూపాలి, ఒకదాని తోక ఇంకోదాన్ని దాటొద్దు. కథ చెప్పేవాళ్ళ మాటకైతే బుడగ కాదు, గడి పైన నలుచదరపు డబ్బా.

అక్షరాల దగ్గర భూదేవి తలపట్టుకుంది. ముందు బుడగ గీసి తరువాత అందులో అక్షరాలు కుక్కేది. తెలుగు కదా, వత్తులు కిందికి వేలాడతాయి, గుడులు పైకి లేస్తాయి. పై వరస వత్తు కింది వరస గుడి మీద కూర్చునేది. "ముందు మాట రాయండి, దాని చుట్టూ బుడగ గీయండి" అంది అక్షర. అరుపు కావాలంటే ఇంగ్లీషులో క్యాపిటల్ అక్షరాలున్నాయి, మనకు లేవు. భూదేవి మందపాటి పాళీతో పెద్దగా రాసి, బుడగ అంచును ముళ్ళు ముళ్ళుగా గీసింది. వజ్రమ్మ బతిమాలే మాటను మాత్రం పెద్ద బుడగలో ఇంత చిన్నగా రాసింది. చుట్టూ ఉన్న తెలుపు చూస్తేనే గొంతు ఎండిపోయినట్టు వినబడుతుంది.

మరుసటి ఏడాది మాఘంలో, రోగం కాస్త తెరిపి ఇచ్చినప్పుడు, మూలపురుషుడు మార్కండేయుడి జయంతికి పద్మశాలి సమాజం హాలులో పోయినవాళ్ళను తలుచుకోవాలనుకున్నారు. భూదేవి కథను చీరల బట్ట మీద అచ్చు వేసి గోడ పొడుగునా వేలాడదీయాలని తీర్మానం. సమాజం పెద్ద రాజమల్లు నమూనా చూస్తూ, గేటు గొలుసుకు తాళం బిగించే చెయ్యి ఉన్న గడి దగ్గర ఆగి మీసం నిమురుకున్నాడు. హాలుకు కొత్త రేకులు వేయించింది ఆ సేఠే మరి!

"బొమ్మలు మస్తుగున్నయ్ బిడ్డా. గీ తాళం బొమ్మ ఒక్కటి తీసెయ్. సేఠ్ దీపం ముట్టియ్యనీకొస్తుండు, బాగుండదు. నీ పెనిమిటి గూడ ఆడనే పన్జేస్తుండు, జర సోంచాయించు."

భూదేవికి ఒళ్ళు మండిపోయింది. నోరు మూసుకుంది.

"గా జాగల డబ్బా గీసి నాలుగు మాటలు రాయి," రాజమల్లు ఊరుకోలేదు, "పనోళ్ళ మంచికే గేటు బందు పెట్టిండ్రు అని."

"పైన డబ్బల మాట్లాడేది ఎవరనుకున్నవ్ పెద్దయ్యా? బుడగల మాటైతే వాళ్ళది, వీళ్ళది అనొచ్చు. డబ్బల మాట కథ జెప్పేటోళ్ళది. అంటే నాది. నేను అబద్ధం రాయ. బొమ్మ తీయమన్నవ్, తీస్త. గంతే."

రాజమల్లు హమ్మయ్య అనుకున్నాడు. ఇంటికొచ్చాక సోమలింగం బిక్కమొహం వేసుకుని అడిగాడు, "నా పని ఉంటదా?"

"ఏమో! పోతే ఇంకో కార్ఖాన లేదా? శివకృష్ణ నీ పక్క మగ్గమే గదా!"

సోమలింగం తల దించుకున్నాడు, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

కానీ సంగతి తెలిసి వజ్రమ్మ గుమ్మంలోకి కూడా రాలేదు. బయటే నిలబడి, "నువ్వు గూడ అమ్ముడువోయినవానే?" అని వెళ్ళిపోయింది. ఆ మాటకు భూదేవి ఏడ్చింది. ఏడుస్తూనే తాళం గొలుసును బిగించే చేతి బొమ్మను చెరిపేసింది. దాని ముందు గడి ఉంది: గేటు బార్లా తెరిచి ఉంది, లోపలి నుంచి శివకృష్ణ గోడ పట్టుకుని తల్లి వైపు వస్తున్నాడు. తరువాతి గడి ఉంది: గేటు మూసి ఉంది, ఊచల్లోంచి వాడి వేళ్ళు బయటికి వచ్చాయి, వజ్రమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేల మీద ఉంది. గొలుసు ఉండాల్సిన చోటును ఆమె తల కప్పేసింది. రెండు గడులనూ దగ్గరికి జరపాలి కదా? భూదేవి జరపలేదు. మనిషంత వెడల్పు తెల్ల సందు అలాగే వదిలేసింది. కథ మొత్తంలో మిగతా సందులన్నీ వేలెడే, ఇది ఒక్కటే ఇంత. సందు కనబడనీయొద్దని నేర్చిన చెయ్యి అది. అయినా వదిలింది.

జయంతి నాడు సేఠ్ మాస్కుతో, మెడలో దండతో వచ్చాడు. దీపం ముట్టించాడు. తెలుగు రాదు కాబట్టి రాజమల్లు పక్కన నడుస్తూ మాటలు చదివి హిందీలో చెబుతున్నాడు. జనం వెనకే. వజ్రమ్మ తలుపు దగ్గరే ఆగింది.

తెల్ల సందు దగ్గరికి వచ్చేసరికి రాజమల్లుకు చదవడానికి ఏమీ లేదు. సేఠ్ తెరిచిన గేటును చూశాడు, మూసిన గేటును చూశాడు, మళ్ళీ వెనక్కి వచ్చి మధ్య తెలుపును చూశాడు. వెనక హాలు మొత్తం కూడా అటే చూస్తోంది. సేఠ్ చెవులు ఎర్రబడ్డాయి.

"వో తాలా మైనే నహీ లగవాయా!" అన్నాడు గట్టిగా. ఆ తాళం నేను వేయించలేదు!

తాళం అన్న మాట ఆ రోజు అప్పటిదాకా ఆ హాలులో ఎవరి నోటా రాలేదు.

భూదేవి జనంలోంచి ముందుకు వచ్చింది. నోరు మూసుకునే మనిషి నోరు తెరిచింది. "కౌన్‌సా తాలా, సేఠ్? ఇస్మే తాలా కహా హై? దిఖావో." ఏ తాళం? ఇందులో తాళం ఎక్కడుంది, చూపించండి.

సేఠ్ వేలు లేచింది, తెల్లబట్ట వైపు సగం దూరం పోయి గాలిలో ఆగిపోయింది. దండ తీసి రాజమల్లు చేతిలో పెట్టి బయటికి నడిచాడు. రేపు సోమలింగం పని ఏమవుతుందో భూదేవికి తెలుసు. సోమలింగానికీ తెలుసు. అయినా వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

తలుపు దగ్గరి నుంచి వజ్రమ్మ మెల్లగా వచ్చింది. అంచు లేని, గీత లేని, అక్షరం లేని ఆ తెల్లబట్ట మీద అరచెయ్యి ఆనించింది.

"గీడనే ఉన్నదే," అంది, "నువ్వు తియ్యనే లేదు."