అరవై నాలుగు దగ్గర ఆగిన షీటు

గుర్నాథం ఇరవై తొమ్మిదేళ్లుగా కట్టడాల దగ్గరే పనిచేస్తున్నాడు గాని, తన చేత్తో ఒక్క ఇటుక పెట్టినవాడు కాదు. పక్కవాళ్లు పెట్టిన ఇటుకలను లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. పొదటూరుపేట పక్కన వాళ్లకు నాలుగెకరాల చెరకు తోట ఉంది. దాన్ని తమ్ముడికి వదిలేసి, సివిల్ డిప్లొమా చదివి, టేపూ నోటు పుస్తకమూ పట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. భార్య రుక్మిణమ్మను ఎవరైనా మీ ఆయన ఏం చేస్తారని అడిగితే, "చేసేవాళ్లను చూసి రాసుకుంటాడు" అనేది. అందులో ఎగతాళి లేదు. ఆమెకు అర్థమైనంతలో అది నిజమే.

ప్రస్తుతం ఆయన తిరుత్తణి బయట, తిరువళ్లూరు రోడ్డు మీద కడుతున్న ఒక పెద్ద గోదాము సైటులో ఉన్నాడు. రోజూ సాయంత్రం ఆరులోగా అక్కడి నుంచి ఒక షీటు వెళ్లాలి. మట్టి తవ్వకం, పునాది కాంక్రీటు, ఇనుప కమ్మి, పిల్లర్లు, గోడలు, గచ్చు, పైకప్పు ఇలా ఒక్కో పనికీ ఒక్కో వరస. ప్రతి వరసలో మొత్తం ఎంత చేయాలి, ఇప్పటికి ఎంత అయి ఉండాలి, ఈరోజు ఎంత అయింది, ఇప్పటిదాకా ఎంత, ఇంకా ఎంత మిగిలింది అన్నవి ఉంటాయి. పనులన్నీ ఒకే తూకం కావు కదా. అందుకని నూరులో దేనికెంత అని ముందే పంచి పెట్టారు. గోడలకు ఇంత, మట్టికి పదహారు, అలా. ఒక్కో పని ఎంత శాతం అయిందో దాన్ని దాని తూకంతో హెచ్చించి అన్నీ కలిపితే అట్టడుగు వరసలో ఒకే ఒక్క అంకె వస్తుంది. తిరువళ్లూరు ఆఫీసులో కూర్చునే ప్రాజెక్టు మేనేజరు నటరాజు చూసేది ఆ అంకె ఒక్కటే. చెన్నై హెడ్డాఫీసు చూసేదీ అదే.

ఆ షీటును ఆరేళ్ల కిందట తయారుచేసింది గుర్నాథమే. కంపెనీ సైట్లు పన్నెండింటిలోనూ దాన్నే వాడుతున్నారు. ఆయనకు జీవితంలో దొరికిన ఒకే ఒక్క గౌరవం అది.

ప్రియదర్శిని ఆ సైటుకు కొత్తగా వచ్చిన ఇంజనీరు. తల్లిది తిరుత్తణి తెలుగిల్లు. తెలుగు మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు. ఒక సాయంత్రం ఆమె ఆ రోజు కొలతలు ఇచ్చి, గుర్నాథం భుజం మీదుగా షీటులోకి తొంగి చూసింది.

"సార్, మట్టి పని నూట అరవై రెండున్నర శాతం అని ఉండాది. ఒకే గుంతను ఒకటిన్నర సార్లు తవ్వినామా?"

గుర్నాథం నవ్వాడు. "లేదమ్మా. ఎనిమిది వేల ఘనపు మీటర్లు అనుకున్నాము. అడుగున పాత చెరువు బురద తగిలింది. గట్టి నేల వచ్చేదాకా తవ్వితే పదమూడు వేలు అయింది."

"సరి సార్. కానీ మట్టికి తూకం పదహారే గదా. ఇక్కడ ఇరవై ఆరు వస్తా ఉండాది. పదహారుకు పైన ఎట్ల వస్తుంది?"

గుర్నాథం నవ్వు ఆగిపోయింది. ఆ పిల్ల వెళ్లిపోయాక ఆ గడిలోని సూత్రం తెరిచి చూశాడు. ఒక పని ఎంత ఎక్కువ చేసినా నూరు శాతం దగ్గర ఆగాలి. లేదా మొత్తం పరిమాణాన్నే కొత్తగా పదమూడు వేలని మార్చాలి. ఆరేళ్ల కిందట ఆయన రాసిన సూత్రంలో ఆ రెండూ లేవు. అనుకున్నదానికంటే ఎక్కువ తవ్విన మట్టి, ఇంకా కట్టని గోడల స్థానంలో లెక్కకు వచ్చి కూర్చుంది. షీటు అరవై నాలుగు శాతం అంటోంది. నిజం యాభై నాలుగు. ప్లాను ప్రకారం అరవై ఆరు ఉండాలి. రెండు శాతమే వెనక ఉన్నామనుకున్న సైటు పన్నెండు శాతం వెనక ఉంది.

మర్నాడు పొద్దున రైలెక్కి తిరువళ్లూరు వెళ్లాడు. నటరాజుది ఆ ఊళ్లో పాత్రల కొట్టు నడిపే తెలుగు కుటుంబం. గుర్నాథం కన్నా పన్నెండేళ్లు చిన్నవాడు. ఆఫీసులో మిగతా అందరితో తమిళం. పక్కవాళ్లకు అర్థం కాకూడని విషయాలు వచ్చినప్పుడు మాత్రం వీళ్లిద్దరూ తెలుగులోకి దిగేవాళ్లు.

విషయమంతా విని నటరాజు తలుపు వేసి తెలుగులోకి దిగాడు.

"అన్నా, నిన్న అరవై నాలుగు. ఈపొద్దు యాభై నాలుగు. హెడ్డాఫీసులో ఏమని అడుగుతారో తెలుసునా? ఒక్క రాత్రిలో పది శాతం గోదాము యాడికి పోయింది అంటారు."

"యాడికీ పోలేదు సార్. అది అసలు లేదు."

"అదే మాట వాళ్లకు చెప్పేది ఎట్ల? అంకె పైకి పోవచ్చు, నిలబడొచ్చు. కిందికి పోకూడదు. నువ్వొక పని చెయ్. అరవై నాలుగు దగ్గర నిలిపెయ్. మనోళ్లు దౌడుగా పని చేసి నిజాన్ని ఆడికి తెస్తారు. అప్పుడు నీ సరైన సూత్రం పెట్టుకో."

గుర్నాథానికి అది నచ్చలేదు. కాని తప్పు తనది. తప్పు చేసినవాడు సరిదిద్దే పద్ధతిలో బేరాలాడకూడదని అనుకున్నాడు. సైటుకు తిరిగొచ్చి, అట్టడుగు గడిలోని సూత్రం తీసేసి, 64 అని చేత్తో కొట్టాడు. పై వరసల్లో మాత్రం చేయి పెట్టలేదు.

ఆ తరవాతి ఇరవై పనిదినాలు ఆ సైటు ఎన్నడూ చూడని రోజులు. మేస్త్రీ ఎలుమలై ఇంకో నలభై మందిని దించాడు. పిల్లర్లకు కమ్మి కట్టే వాళ్లు ఒకవైపు, కాంక్రీటు లారీలు ఒకవైపు. గోడలు రోజుకింతని కళ్లముందే లేచాయి. గుర్నాథం రోజూ టేపు పట్టి కొలిచి, లారీ చీటీలతో సరిపోల్చి, పై వరసలన్నీ నిజాయితీగా నింపేవాడు. పక్కన ఒక కాగితం మీద అసలు శాతం వేసుకునేవాడు. యాభై నాలుగున్నర, యాభై ఐదు, యాభై ఐదున్నర. అట్టడుగున మాత్రం రోజూ అరవై నాలుగు.

ఒక సాయంత్రం ఎలుమలై వచ్చి ఉత్సాహంగా అడిగాడు. "ఎన్న సార్, ఇవాళ అంకె ఎంత ఎక్కిందీ?"

"ఏమీ ఎక్కలేదు" అన్నాడు గుర్నాథం. పొద్దుటినుంచి నలభై ఘనపు మీటర్ల గోడ కట్టిన మనిషికి ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం వేరేవైపు తిప్పుకున్నాడు.

అన్నాళ్లూ నిదానంగా సాగిన పనిని చూసి హెడ్డాఫీసు ఏమీ అనలేదు. పరుగులు పెడుతున్న పని మీద మూడు వారాలు కాగానే ఉత్తరం వచ్చింది. మీ సైటులో పని పూర్తిగా ఆగిపోయింది, కారణం తెలుసుకోవడానికి మురళీధరన్‌ను పంపుతున్నాము అని.

మురళీధరన్ అన్ని సైట్లూ తనిఖీ చేసే పెద్దాయన. మాట తక్కువ. తమిళం తప్ప మరొకటి మాట్లాడడు. పని ఆగిన సైటుకు వచ్చి, గేటు దగ్గరే లోపలికి వెళ్లే దారి లేక పావుగంట నిలబడ్డాడు. వరసగా నాలుగు కాంక్రీటు లారీలు అడ్డం ఉన్నాయి. లోపలికొచ్చి ఎవరినీ ఏమీ అడగలేదు. ఇద్దరు మనుషులను పెట్టుకుని రెండు రోజులు ప్రతి గోడా, ప్రతి పిల్లరూ కొలిపించాడు. మట్టిని నూరు శాతానికి మించి లెక్కించలేదు. కూడితే అరవై నాలుగు పాయింటు ఒకటి వచ్చింది.

రెండోరోజు మధ్యాహ్నం సైటు ఆఫీసు రేకుల గదిలో, తిరువళ్లూరు నుంచి వచ్చిన నటరాజు చేయి పట్టుకుని మురళీధరన్ ఊపాడు. ఇన్ని సైట్లు చూశాను, కాగితమూ నేలా ఒకే మాట చెప్పిన సైటు ఇదొక్కటే అన్నాడు. నటరాజు ముఖం వెలిగింది. ఆ వెలుగు ఆరకముందే రెండో ప్రశ్న వచ్చింది.

"అయితే ఈ ఇరవై రోజులూ పని ఎందుకు ఆపారు?"

నటరాజు లెక్క వేసుకున్నాడు. ఆగలేదంటే ఇరవై రోజుల కిందట పంపిన అరవై నాలుగు అబద్ధం. ఆగిందంటే తన ఉద్యోగం పోతుంది. ఆ రెంటికీ మధ్య ఆయనకు ఒక్కటే దారి కనిపించింది.

"వాన సార్" అన్నాడు.

నెలరోజులుగా తిరుత్తణిలో చినుకు లేదు. గుమ్మం బయట ఎలుమలై మనుషులు ఎండకు తలపాగాలు తడుపుకుంటున్నారు. గుర్నాథానికి ఆ క్షణంలో తన సూత్రమూ, తన పరువూ గుర్తుకు రాలేదు. ఆ ఇరవై రోజుల గోడలు గుర్తొచ్చాయి. వాన అన్న ఒక్క మాటతో అవన్నీ ఎవరూ కట్టనివై పోతాయి.

"వాన పడలేదు సార్. పని ఒక్క పూట కూడా ఆగలేదు" అన్నాడు తమిళంలో. "సూత్రం తప్పు. రాసింది నేనే. పై వరసలు చూడండి, ప్రతిరోజు కొలతా ఉంది."

మురళీధరన్ షీటును అట్టడుగు నుంచి పైకి మొదటిసారి చదివాడు. చదివి, తల ఎత్తకుండా, "ఈ సూత్రం మిగతా పదకొండు సైట్లలో కూడా ఉందా?" అని అడిగాడు.

"ఉంది సార్."

ఆయన లాప్‌టాప్ మూత మెల్లగా దించాడు.

పదిహేను రోజుల తరవాత ఉత్తర్వు వచ్చింది. పన్నెండు షీట్లలోనూ సూత్రం సరిచేయాలి. అయితే ఏ సైటు అంకె కూడా కిందికి దిగరాదు. దిగేటట్టుంటే, నిజం అక్కడికి చేరేదాకా పాత అంకె దగ్గరే నిలపాలి. దీనికి తిరుత్తణి పద్ధతి అని పేరు పెట్టారు. దాన్ని కనిపెట్టినందుకు నటరాజును చెన్నై పిలిపించి మిగతా మేనేజర్లకు పాఠం చెప్పించారు. సూత్రం తప్పు రాసినందుకు గుర్నాథానికి మెమో ఇచ్చారు. ఆ మెమో చివరనే, పదకొండు సైట్లకూ వెళ్లి సరిచేసే బాధ్యత కూడా ఆయనకే అని ఉంది.

మెమో చదివి వినిపిస్తే రుక్మిణమ్మ అడిగింది.

"ఇంతకీ తిట్టినారా, మెచ్చుకొన్నారా?"

"రెండూ ఒకే కాగితంలో."

"పోనీలే, ఒక కాగితం మిగిలింది" అంది ఆమె.

మొదట పొన్నేరి దాటి పళవేర్కాడు దారిలో ఉన్న సైటుకు వెళ్లాడు. అక్కడ షీటు డెబ్బై ఒకటి అంటోంది, నిజం అరవై మూడు. ఉత్తర్వు ప్రకారం అట్టడుగు గడిలో డెబ్బై ఒకటి నిలిపాడు. తరవాత ఆ గడికి పైన కొత్తగా ఒక వరస చేర్చాడు. "కొలిచిన శాతం" అని పేరు పెట్టి సరైన సూత్రం రాశాడు. అది 63 అని చూపింది. అంకె దిగరాదని ఉత్తర్వులో ఉంది గాని, వరస చేర్చకూడదని లేదు.

పదకొండు సైట్లలోనూ అలాగే చేశాడు. ఆ పదకొండు షీట్లు రోజూ ఆరు గంటలకు చెన్నై చేరుతున్నాయి. పక్కపక్క వరసల్లో రెండు అంకెలు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ప్రియదర్శిని ఒక్కతే ఫోను చేసి, "సార్, పొన్నేరి షీటు చూసినాను" అని మాత్రం అంది. ఆయన "సరిమ్మా" అన్నాడు.

తిరుత్తణి గోదాము ముప్పై ఎనిమిది రోజులు ఆలస్యంగా పూర్తయింది. లోపల ఇప్పుడు ఎరువుల మూటలు నిండి ఉన్నాయి. గుర్నాథం ప్రస్తుతం వెంగల్ పక్కన ఇంకో సైటులో, పొద్దున్నే వరిచేల గట్టున నడిచి వెళ్లి పునాది గుంతలు కొలుస్తున్నాడు. అక్కడి మట్టి వరస ఇంకా నలభై శాతం దగ్గరే ఉంది.